పేజీకి అడ్మిన్ అధికారం ఇవ్వమంటున్న ఏజెన్సీ – ఎంతవరకు ఇవ్వాలి?

పులంక మొక్కలు | సోమవారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది కడియపులంకలో నర్సరీ. మా నాన్నగారి కాలం నుంచి నడుస్తోంది. ఫేస్‌బుక్ పేజీని 2016లో మా మేనమామ కొడుకు తన సొంత ఖాతా నుంచి తయారుచేశాడు. అతను ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. ఇన్నాళ్లూ వీలున్నప్పుడు నేనే ఫోటోలు పెట్టేవాణ్ణి. తొలకరి వస్తే నాకు తోటలోంచి తల ఎత్తే తీరిక ఉండదు కనుక, ఈసారి రాజమహేంద్రవరంలో ఒక ఏజెన్సీకి పోస్టుల పని అప్పగించాం. నెలకు పన్నెండు పోస్టులు, నాలుగు వీడియోలు ఒప్పందం.

మొదటి రోజే వాళ్లు "అడ్మిన్ ఇవ్వండి, లేకపోతే పని సాగదు" అన్నారు. మనుషులు మంచివాళ్లే, వాళ్ల మీద నాకు అనుమానం లేదు. కానీ హైదరాబాద్, బెంగళూరు నుంచి లారీ లోడు మొక్కలు కావాలనేవారు మొదట పలకరించేది ఈ పేజీలోనే. రేపు ఏదైనా తేడా వస్తే పేజీ మా చేతిలో ఉంటుందా? ఏ అధికారం ఇస్తే వాళ్ల పని ఆగకుండా, మా పేజీ మా దగ్గరే ఉంటుంది? తెలిసినవారు చెప్పగలరు.

కాలువగట్టు | సోమవారం ఉదయం 9:40

ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ఎడిటర్ ఇవ్వండి, చాలు. అడ్మిన్, ఎడిటర్, మోడరేటర్, అడ్వర్టైజర్, అనలిస్ట్ అని ఐదు హోదాలు ఉంటాయి. ఎడిటర్ పోస్టులు పెట్టగలడు, వ్యాఖ్యలకు జవాబివ్వగలడు. మరొకరిని చేర్చలేడు, తీసేయలేడు. మా పాలకొల్లు దుకాణం పేజీకి అలాగే ఇచ్చాను, నాలుగేళ్లు ఏ గొడవా రాలేదు.

పులంక మొక్కలు | సోమవారం ఉదయం 10:25

ధన్యవాదాలు. కానీ సెట్టింగ్స్ మొత్తం వెతికినా ఎడిటర్ అనే మాట కనిపించలేదు. Page access అనే చోట ఒకదాని కింద ఒకటి రెండు భాగాలు ఉన్నాయి. పైన People with Facebook access, కింద People with task access. పై భాగంలో మూడు పేర్లు ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి మా బావది. మూడోది ఏదో పూల పేరుతో ఉన్న ఖాతా, ఫోటో కూడా గులాబీదే. అది ఎవరిదో నాకు గుర్తు రావడం లేదు.

గౌతమి ఒడ్డు | సోమవారం మధ్యాహ్నం 1:05

నేను కాకినాడలో ఇదే పని చేస్తున్నాను, తొమ్మిదేళ్లుగా. అంటే మీరు భయపడుతున్న ఏజెన్సీ వైపు మనిషిని. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

కాలువగట్టు గారు చెప్పిన ఐదు హోదాలు పాత పద్ధతిలోవి. ఆలోచన సరైనదే, పేర్లే మారాయి. పాత అడ్మిన్ ఇప్పుడు Facebook access, అందులో Full control. పాత ఎడిటర్ కూడా Facebook access కిందే ఉంటాడు కానీ పూర్తి అధికారం లేకుండా. మిగతా మూడూ Task access కిందికి వెళ్లాయి. అక్కడ ఏ పనికి ఆ పని విడిగా ఇస్తాం. పోస్టులు, సందేశాలు, వ్యాఖ్యలు, ప్రకటనలు, గణాంకాలు. గణాంకాలు ఒక్కటే ఇస్తే అతనే పాత అనలిస్ట్.

రెండు భాగాలకూ ఉన్న తేడా రోజువారీ పనిలో బాగా తెలుస్తుంది. Facebook access ఉన్న మనిషి తన ఫోనులో నేరుగా మీ పేజీగా మారిపోయి తిరగగలడు, ఇతరుల పోస్టుల కింద మీ నర్సరీ పేరుతో వ్యాఖ్య రాయగలడు. Task access మాత్రమే ఉన్నవాడు Meta Business Suite వంటి చోట కూర్చుని తనకిచ్చిన పని చేసుకుంటాడు. పోస్టులు రాసి పెట్టడానికి అది సరిపోతుంది.

ఇక Full control గురించి. అది ఉన్నవారు ఎవరినైనా చేర్చగలరు, ఎవరినైనా తీసేయగలరు, పేజీని తొలగించగలరు. మొదట పేజీ తయారుచేసిన మనిషికి ప్రత్యేక రక్షణ ఏమీ లేదు. మీ బావగారే పేజీ పెట్టినా, మీ ఏజెన్సీలో నిన్న చేరిన కుర్రవాడికి Full control ఉంటే అతను మీ బావగారిని తీసేయగలడు. కనుక "అడ్మిన్ లేకపోతే పని సాగదు" అన్న మాట నిజం కాదు. మీరు చెప్పిన పన్నెండు పోస్టులకూ నాలుగు వీడియోలకూ అది అక్కర్లేదు. చాలా ఏజెన్సీలు దురుద్దేశంతో అడగవు, ఒకేసారి అన్నీ అడిగితే మళ్లీ మళ్లీ అడిగే పని ఉండదని అడుగుతాయి.

ముందు ఆ గులాబీ ఖాతా ఎవరిదో కనుక్కోండి. దానికి Full control ఉందా లేదా చూడండి. మిగతాదంతా ఆ తరువాతే.

కొబ్బరి తోట | సోమవారం మధ్యాహ్నం 2:30

మా అంబాజీపేట రైతుల గ్రూపులో ఇద్దరు అడ్మిన్లు ఉన్నారు. ఎవరు పడితే వారు పోస్టులు పెట్టకుండా "అడ్మిన్లు మాత్రమే" అని మార్చుకోండి. అప్పుడు ఇబ్బంది ఉండదు.

పులంక మొక్కలు | సోమవారం మధ్యాహ్నం 2:50

అన్నయ్యా, మీరు చెప్పేది వాట్సాప్ గ్రూపు గురించి. మాది ఫేస్‌బుక్ వ్యాపార పేజీ. అయినా స్పందించినందుకు సంతోషం.

చెరువు వ్యాపారి | సోమవారం సాయంత్రం 6:15

నాకు జరిగింది చెబుతాను, మీకైనా పనికొస్తుంది.

మాది భీమవరం దగ్గర రొయ్యల మేత, చెరువు మందుల దుకాణం. రెండేళ్ల కిందట ఒక ఏజెన్సీకి పని ఇచ్చాను. వాళ్లు నన్ను పాస్‌వర్డ్ అడగలేదు, అడ్మిన్ కూడా అడగలేదు. "మీకు ఒక అభ్యర్థన వస్తుంది, ఆమోదించండి" అన్నారు. నేను చెరువు గట్టు మీద ఉన్నాను, ఏరేటర్ ఆగిపోయి కంగారులో ఉన్నాను. ఫోనులో వచ్చింది, నొక్కేశాను. ఏడాది తరువాత డబ్బు దగ్గర మాట తేడా వచ్చి మానుకున్నాం. అప్పుడు చూస్తే పేజీ వాళ్ల సంస్థ ఖాతా కింద ఉంది. నా పేరు జాబితాలో ఉంది, పోస్టులు పెట్టగలను, కానీ పేజీ "యజమాని" అన్న చోట వాళ్ల సంస్థ పేరు. కొత్త ఏజెన్సీ వచ్చి పేజీని మా సొంత ఖాతాకు చేర్చబోతే, ఇది ఇప్పటికే మరొకరి కింద ఉందని చెప్పి ఫేస్‌బుక్ ఆపేసింది.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

గౌతమి ఒడ్డు | సోమవారం రాత్రి 8:40

చెరువు వ్యాపారి గారూ, మీకు జరిగింది నేను చాలామంది దగ్గర చూశాను. అడ్మిన్ ఇవ్వడం కన్నా ప్రమాదకరమైన చోటు అదే. అందరికీ అర్థమయ్యేలా చెబుతాను.

పేజీ మీద మనుషులకు ఇచ్చే అధికారాలు ఒక అంతస్తు. దాని పైన ఇంకో అంతస్తు ఉంది. అది business portfolio, ఇంతకుముందు బిజినెస్ మేనేజర్ అనేవారు. ఒక పేజీకి ఒక్క పోర్ట్‌ఫోలియోనే యజమాని కాగలదు. ఏజెన్సీ తన పోర్ట్‌ఫోలియోలోకి మీ పేజీని రెండు రకాలుగా తెచ్చుకోవచ్చు. ఒకటి, పేజీ నాదే అని చేర్చుకోవడం, తెర మీద Claim అని ఉంటుంది. రెండోది, పేజీ మీదే, పనిచేయడానికి మాకు పంచండి అని Request పంపడం. రెండింటికీ పేజీ అడ్మిన్‌కు అభ్యర్థన వస్తుంది. కంగారులో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మీరు ఆమోదించింది మొదటిది.

యజమాని ఎవరో చూడడం సులువు. business.facebook.com/settings తెరిచి, Accounts కింద Pages లోకి వెళ్లి, పేజీ పేరు మీద నొక్కితే Owned by అని ఒక వరుస ఉంటుంది. అక్కడ మీ సంస్థ పేరు ఉండాలి. ఏజెన్సీ పేరు ఉంటే, ఆ ఏజెన్సీయే తన పోర్ట్‌ఫోలియోలోంచి పేజీని తీసివేయాలి. మీరు మీ వైపు నుంచి చేయగలిగింది తక్కువ. వాళ్లు ఒప్పుకోకపోతే మెటాకు ఫిర్యాదు చేయవచ్చు. గుర్తింపు కార్డు, దుకాణం రిజిస్ట్రేషన్ పత్రాలు, పేజీతో మీ సంబంధాన్ని వివరిస్తూ సంతకం చేసిన లేఖ అడుగుతారు. ఎన్నాళ్లు పడుతుందో, ఏం తేలుస్తారో నేను మాట ఇవ్వలేను.

కాలువగట్టు | సోమవారం రాత్రి 9:20

ఈ పోర్ట్‌ఫోలియో సంగతి నాకు తెలియదు. ఇప్పుడే మా దుకాణం పేజీ చూశాను. ఏ పోర్ట్‌ఫోలియోలోనూ లేదు. అంటే ఏ ఏజెన్సీ అయినా అభ్యర్థన పంపవచ్చు, మా తమ్ముడు నొక్కేయవచ్చు. రేపే మా పేరున ఒకటి తెరిచి చేర్చుకుంటాను.

లేసు అల్లిక | మంగళవారం ఉదయం 7:55

నరసాపురం నుంచి రాస్తున్నాను. మేము లేసు టేబుల్ క్లాత్‌లు, జాకెట్టు అంచులు అమ్ముతాం. అనలిస్ట్ గురించి ఎవరూ వివరంగా మాట్లాడలేదు కనుక ఒక మాట.

మా ఏజెన్సీ ప్రతి నెలా నివేదిక పంపుతుంది. రంగురంగుల పటాలు, "ఇంతమందికి చేరింది" అని పెద్ద అంకెలు. మా అమ్మాయి విశాఖపట్నంలో చదువుకుంటోంది. దానికి గణాంకాలు చూసే అధికారం ఒక్కటే ఇచ్చాను. పోస్టు పెట్టడం, సందేశాలు చదవడం, ఏదైనా చెడగొట్టడం దానికి కుదరదు. నెలాఖరున నివేదికనూ పేజీలోని అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. ఒక నెల ఒకే పోస్టుకు చాలా ఎక్కువమంది చేరినట్టు నివేదికలో ఉంది. మా అమ్మాయి తెరిచి చూస్తే దాదాపు అంతా డబ్బు కట్టి నడిపిన ప్రకటన వల్ల వచ్చిందే. మామూలుగా చేరినవారు చాలా కొద్దిమంది. ఏజెన్సీ అబద్ధం చెప్పలేదు, రెండింటినీ కలిపి రాసింది. అప్పటి నుంచి విడివిడిగా రాయమన్నాం, రాస్తున్నారు.

ఇంట్లో అంకెలంటే ఇష్టం ఉన్న మనిషి ఒకరు ఉంటే ఈ అధికారం వారికి ఇవ్వండి.

పులంక మొక్కలు | మంగళవారం ఉదయం 11:30

గులాబీ ఖాతా ఎవరిదో తెలిసింది. నాలుగేళ్ల కిందట దీపావళికి ముందు ఒక కుర్రవాడు మాకు వీడియోలు తీశాడు. తన అసలు ఖాతా కాకుండా, పనికోసం వేరే పేరుతో తెరిచిన ఖాతాతో మా పేజీలో చేరాడట. దానికి ఇప్పటికీ Full control ఉంది. ఫోను చేస్తే "ఆ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోయాను, తీసేయండి" అన్నాడు. నాలుగేళ్లుగా మా పేజీని తొలగించగల ఖాతా ఎవరి చేతిలోనూ లేకుండా ఉందని తెలిసి రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో చిక్కు. నాకు Full control లేదు! బావ నాకు ఇచ్చింది తక్కువ అధికారం. అంటే గులాబీని నేను తీయలేను. రాత్రి కువైట్‌కు ఫోను చేసి బావతో నాకు, మా చెల్లెలికి Full control ఇప్పించాను. ఆహ్వానం వచ్చింది, ఇద్దరం ఒప్పుకున్నాం. తరువాత ఏం చేయాలి?

గౌతమి ఒడ్డు | మంగళవారం మధ్యాహ్నం 12:45

అలాంటి పనికోసం తెరిచిన ఖాతాలను ఫేస్‌బుక్ నకిలీవని గుర్తిస్తే మూసేస్తుంది. మీ పేజీకి ఉన్న ఒకే ఒక్క అడ్మిన్ అలాంటి ఖాతా అయితే ఏమయ్యేదో ఊహించండి. ఏజెన్సీ నుంచి చేరేవారు తమ అసలు పేరున్న ఖాతాతోనే చేరాలని ఒప్పందంలో రాయించండి.

ఇప్పుడు వరుసగా చేయండి. మొదట మీకు, చెల్లెలికి, బావగారికి ముగ్గురికీ రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి. ఆ తరువాత బావగారి చేత గులాబీ ఖాతాను తీయించండి. మీరే చేయబోతే కొత్తగా అధికారం వచ్చింది కనుక కొన్ని రోజులు ఆగమనవచ్చు. అధికారం పాతదైన బావగారికి ఆ అడ్డు ఉండదు.

తరువాత business.facebook.com లో నర్సరీ పేరున మీ సొంత పోర్ట్‌ఫోలియో తెరవండి. పేజీని మీరే Claim చేసుకోండి. పేజీ మీద Full control ఉంది కనుక అది చేయగలరు. పోర్ట్‌ఫోలియోలో కూడా మీ ఇద్దరు ఇంటివారికి పూర్తి అధికారం ఉండాలి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరి ఖాతాకు ఏమైనా అయినప్పుడు మళ్లీ ఇదే పరిస్థితి.

ఇక ఏజెన్సీ. వాళ్ల మనుషులను ఒక్కొక్కరిగా పేజీకి చేర్చకండి. వాళ్ల పోర్ట్‌ఫోలియో సంఖ్య అడగండి, Business ID అని ఉంటుంది, అంకెలే. మీ సెట్టింగ్స్‌లో Users కింద Partners లోకి వెళ్లి, మీ ఆస్తులను వారికి పంచే ఎంపిక తీసుకుని ఆ సంఖ్య ఇవ్వండి. తరువాత పేజీ ఎంచుకుంటే ఏ ఏ పనులు ఇవ్వాలో మీటలు వస్తాయి. పోస్టులు, వ్యాఖ్యలు, ప్రకటనలు, గణాంకాలు ఇవ్వండి. అన్నిటికీ కింద పూర్తి అధికారం మీట ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి.

ఇలా చేయడంలో ఉన్న సుఖం తరువాత తెలుస్తుంది. వాళ్ల సంస్థలో ఎవరు చేరినా మానేసినా వాళ్లే చూసుకుంటారు. ఒప్పందం ముగిసిన రోజు భాగస్వామిని ఒక్కసారి తీసేస్తే వాళ్ల మనుషులందరికీ ఒకేసారి తలుపు మూసుకుంటుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. పాత రోజుల్లో నేరుగా పేజీకి చేర్చిన మనిషి ఎవరైనా ఉంటే, భాగస్వామిని తీసినా అతను ఉండిపోతాడు. Page access జాబితా కూడా అదే రోజు తెరిచి చూడాలి.

చెరువు వ్యాపారి | మంగళవారం మధ్యాహ్నం 1:20

సందేశాల మీట ఇవ్వవద్దని మీరు చెప్పలేదు, ఇవ్వమనీ చెప్పలేదు. నా సలహా మాత్రం ఇవ్వవద్దని. మా దగ్గర ఏ రైతు ఎన్ని ఎకరాల చెరువుకు ఏ మందు తీసుకున్నాడో, ఎవరికి ఎంత అప్పు ఉందో అంతా సందేశాల్లోనే ఉండేది. అదంతా ఏడాదిపాటు బయటివాళ్లు చదివారు.

లేసు అల్లిక | మంగళవారం మధ్యాహ్నం 3:10

మా అనుభవం వేరు. మేము మొదట ఇవ్వలేదు. రాత్రి పది గంటలకు ఎవరో "ధర ఎంత" అని అడిగితే మేము ఉదయం చూసేసరికి వారు వేరే దుకాణంలో కొనేసేవారు. ఏజెన్సీలో ఒక అమ్మాయి రాత్రి వరకు చూస్తుంది. ధరల పట్టిక ఇచ్చాం, అంతవరకే చెబుతుంది. బేరం ఉంటే మా ఫోను నంబరు ఇస్తుంది. మాకు లాభమే.

గౌతమి ఒడ్డు | మంగళవారం సాయంత్రం 4:00

ఇది వ్యాపారాన్ని బట్టి తేలాలి. నేను కావాలనే ఏమీ చెప్పలేదు. సందేశాల అధికారం ఇస్తే పాతవి కూడా కనిపిస్తాయి, ఈ రోజు నుంచి వచ్చేవి మాత్రమే అని కట్టడి చేయడం కుదరదు. మొక్కల వ్యాపారంలో లోడు ధర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది కదా, పులంక గారు దాన్ని ఆలోచించుకోవాలి.

ప్రకటనల ఖాతా గురించి కూడా ఒక మాట. ఏజెన్సీ తన సొంత ప్రకటనల ఖాతాలోంచి మీ ప్రకటనలు నడిపితే, ఎవరెవరు స్పందించారన్న చరిత్ర అంతా ఆ ఖాతాలోనే ఉండిపోతుంది. మీరు మానుకున్న రోజు అది మీతో రాదు. మీ పోర్ట్‌ఫోలియోలో ఖాతా తెరిచి, దాన్ని వాళ్లకు పంచడం మేలు.

కాలువగట్టు | మంగళవారం సాయంత్రం 4:35

అప్పుడు కార్డు మనదే పెట్టాలి కదా. బయటి మనిషి మన కార్డు మీద ప్రకటనలు నడపడం నాకు ఇష్టం లేదు. వాళ్ల ఖాతాలో అయితే నెలకు ఇంత అని ఇచ్చి ఊరుకుంటాను.

గౌతమి ఒడ్డు | మంగళవారం సాయంత్రం 5:10

ఆ భయం సహజమే. ఖాతాకు ఖర్చు పరిమితి పెట్టుకోవచ్చు, అది దాటితే ప్రకటనలు ఆగిపోతాయి. కొందరు ఖాతాదారులు ముందుగా డబ్బు వేసే పద్ధతిలో నడుపుతారు, వేసినంతే ఖర్చవుతుంది. అయినా మీలాగే ఆలోచించేవారు నా ఖాతాదారుల్లోనూ ఉన్నారు, వారిని నేను ఒప్పించలేకపోయాను.

పులంక మొక్కలు | ఆ తరువాతి సోమవారం రాత్రి 9:30

అందరికీ చెప్పాలని రాస్తున్నాను. బావ గులాబీ ఖాతాను తీసేశాడు. నర్సరీ పేరున పోర్ట్‌ఫోలియో తెరిచి పేజీ చేర్చుకున్నాను. Owned by దగ్గర మా పేరు చూసి నాన్నగారికి కూడా చూపించాను. మా చెల్లెలికీ పూర్తి అధికారం ఉంది.

ఏజెన్సీకి Business ID అడిగితే మొదట కొంచెం నొచ్చుకున్నారు. "మా మీద నమ్మకం లేదా" అన్నారు. మీ మనుషులు మారినప్పుడల్లా మమ్మల్ని విసిగించనక్కర్లేదు, మీకే సుఖం అని చెప్పాను. అర్ధగంటలో సంఖ్య పంపారు. పోస్టులు, వ్యాఖ్యలు, ప్రకటనలు, గణాంకాలు ఇచ్చాను. సందేశాలు ఇప్పటికి ఇవ్వలేదు. రాత్రిపూట మా చెల్లెలు చూస్తానంది, తొలకరి మొదలయ్యాక వీలవుతుందో లేదో చూడాలి. ప్రకటనల ఖాతా సంగతి ఇంకా తేల్చుకోలేదు, నాన్నగారు కాలువగట్టు గారి మాటే అంటున్నారు.

ఈ రోజు మొదటి పోస్టు వచ్చింది, బొండు మల్లె అంట్ల గురించి. దాని కింద పెట్టిన మనిషి పేరు మాకు కనిపిస్తోంది, ఏజెన్సీలో పనిచేసే అమ్మాయి పేరే. ఫోటో బాగుంది కానీ ధర పాతది రాశారు. ఫోను చేయగానే సరిదిద్దారు.

చెరువు వ్యాపారి | ఆ తరువాతి సోమవారం రాత్రి 10:05

సంతోషం. నేను పాత ఏజెన్సీకి మళ్లీ ఫోను చేశాను. ఆ ఖాతా చూసే మనిషి మానేశాడట, ఎవరిని అడగాలో కనుక్కుని చెబుతామన్నారు. గౌతమి ఒడ్డు గారూ, వాళ్లు పేజీని తమ పోర్ట్‌ఫోలియోలోంచి తీసేటప్పుడు నా అధికారం కూడా పోతుందా? అడిగే ముందు అది తెలుసుకోవాలి.

గౌతమి ఒడ్డు | ఆ తరువాతి సోమవారం రాత్రి 10:40

ముందు Page access జాబితాలో మీ పేరు ఏ భాగంలో ఉందో చూడండి. Facebook access కింద Full control తో మీ సొంత ఖాతా ఉండాలి. వాళ్ల పోర్ట్‌ఫోలియో ద్వారా మాత్రమే మీకు అధికారం వచ్చి ఉంటే, వాళ్లు తీసేసిన క్షణాన మీరు కూడా బయట ఉంటారు. అలా ఉంటే మొదట మీకు నేరుగా Full control ఇప్పించుకోండి, మీరు ఒప్పుకోండి, ఆ తరువాతే తీసేయమనండి. ఆ జాబితా చూసి ఇక్కడే రాయండి, రేపు ఉదయం చూస్తాను.